హాస్యం అర్థం కాని రుక్మిణి

రుక్మిణీ కల్యాణం మనందరికీ తెలుసు. అగ్నిద్యోతనుడు సందేశం మోసుకెళ్లడం, గౌరీ పూజ, గుడి బయట రథం ఆగడం... పెళ్లి కుదరాలని నాతో కూడా మా అమ్మ 41 రోజులు చదివించింది. కుదిరింది కూడా. కానీ ఆ పెళ్లి తర్వాత రుక్మిణి ఇంట్లో ఏం జరిగిందో నాకు ఎవరూ చదివించలేదు. అది కూడా భాగవతంలోనే ఉంది. దశమ స్కంధం, 60వ అధ్యాయం. పోతన గారి భాగవతంలో అయితే దశమ స్కంధం ఉత్తర భాగంలో వస్తుంది. భర్త ఒక జోక్ వేస్తాడు, భార్య స్పృహ తప్పి పడిపోతుంది. ఒక్క ముక్కలో చెప్పాలంటే కథ అంతే.

నేను ఆ అధ్యాయం చదివింది పోయిన ఏడాది. ఎందుకు చదవాల్సి వచ్చిందో ముందు చెప్పాలి.

మా పుట్టిల్లు తాండూరు. అత్తగారిల్లు వికారాబాద్. మేమిద్దరం హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నాం, ఇద్దరిదీ సాఫ్ట్‌వేరే. పెళ్లయి మూడేళ్లు. పోయిన ఏడాది మా అమ్మ నాకు ఒడిబియ్యం పోసింది. పసుపు కలిపిన బియ్యం, కుడకలు, ఖర్జూరాలు, చీర, అన్నీ అయ్యాయి. తర్వాత మగవాళ్లంతా భోజనాలకి కూర్చున్నారు. నాయిన, మా చిన్నాయన, ఇద్దరు మేనమామలు, మా ఆయన. నేను వడ్డిస్తున్నా. మా చిన్నాయన మామూలుగా అడిగాడు, "ఏం బిడ్డా, ఆఫీస్‌ల పని బాగ ఉంటదా?" అని.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. "పని సంగతి తెల్వదు గని చిన్న మామా, వాళ్ల ఆఫీస్ వాష్‌రూమ్‌ల టిష్యూ పేపర్ మాత్రం మస్తు అయిపోతున్నదంట. ఈమె ఏడ్సుడుకే సాల్తలేదు."

అందరూ నవ్వారు. మా నాయిన కూడా నవ్వి, తర్వాత పళ్లెంలోకి చూసుకున్నాడు. నేను పప్పు గిన్నె పట్టుకుని నిలబడి నేనూ నవ్వా.

ఆ జోక్ వెనక ఉన్నది ఏంటంటే, అంతకు రెండు నెలల ముందు నేను చేసిన ఒక మార్పు వల్ల ప్రొడక్షన్‌లో సర్వీస్ నాలుగు గంటలు ఆగిపోయింది. మీటింగ్‌లో ఒకాయన నా పేరు పెట్టి మాట్లాడాడు. నేను వాష్‌రూమ్‌లోకి వెళ్లి ఇరవై నిమిషాలు ఏడ్చా. ఈ సంగతి నేను భూమ్మీద ఒక్క మనిషికే చెప్పా. రాత్రి, లైట్ ఆపేశాక.

తిరుగు రైల్లో అడిగా. "అది అక్కడ చెప్పాల్సింది కాదు కదా?" అని. వచ్చిన సమాధానం మీలో చాలామంది ఈపాటికే ఊహించి ఉంటారు. "అబ్బా, జోక్ చేసిన. అందరు నవ్విన్రు, నువ్వు గూడ నవ్వినవ్. గింత దానికే గట్ల మొఖం పెడ్తవేంది? నువ్వు మరీ సెన్సిటివ్."

ధారూరు దాటేదాకా కిటికీలోంచి చూస్తూ అదే ఆలోచించా. నేను నిజంగా సెన్సిటివేనా? చిన్నప్పటి నుంచి సాక్ష్యాలు వెతుక్కున్నా, దొరికాయి కూడా. ఆరో తరగతిలో టీచర్ తిడితే జ్వరం వచ్చింది. సినిమాల్లో ఏడుస్తా. వికారాబాద్ వచ్చేసరికి తప్పు నాదే అని దాదాపు ఒప్పేసుకున్నా. అక్కడ దిగి అత్తమ్మ వాళ్లింటికి వెళ్లాల్సింది కాబట్టి మొహం కడుక్కున్నా.

ఇంతకీ ఆ సమాధానం చేసిన పని ఏంటో నాకు చాలా రోజుల తర్వాత అర్థమైంది. నేను అడిగింది అతని మాట గురించి. వచ్చిన జవాబు నా స్వభావం గురించి. ప్రశ్న ఇటు నుంచి అటు జరిగిపోయింది. అప్పటి నుంచి విచారణ నా మీద నడుస్తోంది, నేనే ముద్దాయి, నేనే సాక్షి. అతని మాట మాత్రం కోర్టు బయట టీ తాగుతోంది. మా ఫీల్డ్‌లో ఇలాంటిది ఒకటి రోజూ వింటాం. టెస్టర్ వచ్చి ఇది పనిచేయట్లేదు అంటే డెవలపర్ అంటాడు, "నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోందే" అని. అతను అబద్ధం చెప్పట్లేదు, అతని మెషీన్‌లో పనిచేస్తూనే ఉంటుంది. కానీ వాడేది అతను కాదు కదా.

భాగవతంలోని ఘట్టానికి వస్తా.

కృష్ణుడు పాన్పు మీద సుఖంగా కూర్చుని ఉంటాడు. రుక్మిణి చెలికత్తె చేతిలోంచి వింజామర తీసుకుని స్వయంగా విసురుతూ ఉంటుంది. అప్పుడు మొదలుపెడతాడు ఆయన. రాజకుమారీ, నిన్ను ఎంతెంత గొప్ప రాజులు కోరుకున్నారు, శిశుపాలుడిలాంటి వాళ్లని కాదని మాలాంటి వాళ్లని ఎందుకు చేసుకున్నావు? మేం రాజులకి భయపడి సముద్రంలో ఇల్లు కట్టుకున్నవాళ్లం. మా దగ్గర ఏమీ లేదు, ఏమీ లేనివాళ్లే మాకు ఇష్టులు. పెళ్లైనా స్నేహమైనా సమానుల మధ్య ఉండాలి. తెలియక చేశావు, ఇప్పటికైనా నీకు తగిన క్షత్రియుణ్ణి చూసుకో. మాకు భార్యాబిడ్డల మీద పెద్దగా కోరికలు లేవు. నా మాటల్లో సారాంశం ఇది.

గమనిస్తే, ఈ మాటల్లో ఎక్కువ భాగం ఆయన తన మీద తనే వేసుకున్నవి. పారిపోయినవాణ్ణి, డబ్బు లేనివాణ్ణి అని. ఆమె రూపం మీద లేదు, ఆమె పుట్టింటి మీద లేదు. ఆమె ఒకప్పుడు రహస్యంగా పంపిన సందేశంలోంచి ఒక్క ముక్క తీసి నలుగురి ముందు చదవలేదు. అది ఆయన దగ్గరే ఉంది కదా! అయినా చివరి మాట తగిలింది. ఆమె తల దించుకుని కాలి బొటనవేలితో నేల మీద రాసింది, గొంతు పూడుకుపోయింది, చేతి గాజులు జారాయి, వింజామర పడిపోయింది. గాలికి అరటిచెట్టు కూలినట్టు కూలిపోయింది.

ఇక్కడ శుకమహర్షి చెప్పే ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయా. ఆమెకి ఆ హాస్యంలోని లోతు తెలియలేదు అంటాడు. అంటే గ్రంథమే ఒప్పుకుంటోంది, రుక్మిణికి జోక్ అర్థం కాలేదని. మనింట్లో అయితే అక్కడితో కేసు క్లోజ్. "నీకు జోక్ అర్థం కాలేదు" అంటే ఇక మాట్లాడేదేముంది? కానీ శుకుడి వాక్యం అక్కడ ఆగదు. ఆమెకి తెలియలేదు, అది చూసి ఆయన కరుణతో కరిగిపోయాడు అని ఉంటుంది. అర్థం కాకపోవడం ఆమె తప్పుగా కాదు, ఆయన కిందకి దిగిరావడానికి కారణంగా ఉంది ఆ వాక్యంలో. కిందకి దిగిరావడం అంటే నిజంగా దిగడమే. పాన్పు మీంచి గబగబా దిగి, ఆమెని లేవనెత్తి, చెదిరిన జుట్టు సవరించి, చేత్తో మొహం తుడుస్తాడు. మాట తర్వాత. నీ భక్తి నాకు తెలుసు, నీ నోటి మాట వినాలని, అలిగిన నీ మొహం చూడాలని వేళాకోళం ఆడాను అంటాడు. ప్రియమైన మనిషితో సరసంగా వేళాకోళంగా కాలం గడపడమే ఇల్లు కట్టుకున్నవాళ్లకి మిగిలే గొప్ప లాభం అని కూడా అంటాడు. కాబట్టి మొగుడూ పెళ్లాల మధ్య జోకులే వద్దని భాగవతం అనట్లేదు. వాటిని లాభం కిందే లెక్కేస్తోంది.

ఆ తర్వాత రుక్మిణికి మాట్లాడే వంతు వస్తుంది. చాలా పెద్ద వంతు. ఆయన అన్న ఒక్కొక్క మాట తీసుకుని, సమానం కాదన్నావు నిజమే, ఏమీ లేదన్నావు నిజమే అంటూ ప్రతిదానికీ వేరే అర్థం చెప్పి తిప్పి ఇస్తుంది. ఆయన అంతా వింటాడు. మధ్యలో అడ్డుపడడు.

ఒక ఇబ్బందికరమైన విషయం దాచకుండా చెప్పాలి. ఎప్పుడూ ఎడబాటు లేకపోవడంతో నేనే ఆయనకి అందరికంటే ఇష్టం అనే గర్వం ఆమెకి కలిగిందని, అది పోగొట్టడానికి ఆయన అలా మాట్లాడాడని కూడా శుకుడు చెబుతాడు. దీన్ని పట్టుకుని, "చూశావా, భార్య గర్వం దించడానికి దేవుడే జోకులేశాడు" అనేవాళ్లు ఉంటారు. మా ఆయనే అన్నాడు, నేను ఈ అధ్యాయం చూపిస్తే! నా సమాధానం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఆ పని కోసం దేవుణ్ణి ఆదర్శంగా తీసుకునేవాళ్లు పాన్పు దిగే పని కూడా తీసుకోవాలి. సగం శ్లోకం దగ్గర ఆగిపోతే కుదరదు.

అయితే నేను నిజంగానే కొంచెం ఎక్కువ ఫీలయ్యే మనిషినైతే? ఈ ప్రశ్నని తోసెయ్యను. కొందరికి మాట త్వరగా తగులుతుంది, నాకు తగులుతుంది. కానీ అది నిజమైతే దాంతో తేలేది ఏంటి? ఒకరి చెయ్యి కాలిందని తెలిసినవాడు ఆ చేతిని ఇంకా మెత్తగా పట్టుకుంటాడు. తెలియనివాడు గట్టిగా పట్టుకుంటే పొరపాటు. తెలిసి అదే చేతిని గట్టిగా నొక్కి "నీ చెయ్యే కాలింది, నేనేం చేయను" అంటే, ఆ మాటలో అబద్ధం ఏమీ లేదు. న్యాయం కూడా లేదు. మూడేళ్లు కాపురం చేసినవాడికి నా సెన్సిటివిటీ కొత్త సమాచారం కాదు. అది తెలిసిన మొదటి మనిషి అతనే.

పైగా నన్ను బాధపెట్టిన సంగతి జోక్ పదును కాదని మెల్లగా తెలిసింది. మా మేనమామ నన్ను చిన్నప్పటి నుంచి "బుడ్డపకీరు" అంటాడు, అందరి ముందే అంటాడు, నాకు ఏమీ అనిపించదు. తేడా ఎక్కడుంది అంటే, మేనమామ జోక్‌కి కావాల్సిన సరుకు అందరికీ కనిపించేదే, నా ఎత్తు. మా ఆయన జోక్‌కి సరుకు నేను చీకట్లో ఇచ్చింది. అలాంటి జోక్ బయటివాళ్లు వెయ్యలేరు, వాళ్ల దగ్గర ఆ ముడిసరుకు ఉండదు. నమ్మి చెప్పిన మాటని నవ్వు కోసం ఖర్చు పెట్టడం అది. ఆ తర్వాత ఏమవుతుందో నా విషయంలో చూశా. నెల రోజుల్లో నేను అతనికి ఆఫీస్ సంగతులు చెప్పడం మానేశా. అలిగి కాదు. చెప్పబోయే ముందు, ఇది తాండూరులో నలుగురి ముందు ఎలా వినిపిస్తుంది అని మనసులో ఒకసారి ప్లే చేసుకోవడం అలవాటైంది. చెప్పదగ్గవి ఏవీ మిగల్లేదు.

నలుగురి ముందే ఎందుకు అనేది రెండో సంగతి. ఇద్దరమే ఉన్నప్పుడు అదే మాట అంటే నేను ఏదో ఒకటి తిరిగి అంటా, గొడవైనా అవుతుంది. నలుగురిలో నాకు రెండే దారులు. నవ్వితే ఒప్పుకున్నట్టు. నవ్వకపోతే పండగపూట ఇంటిని పాడుచేసినట్టు. ఎటు కదిలినా ఓడిపోయే చోట నిలబెట్టి, ఆపైన నేను నవ్వానన్నదాన్నే రైల్లో సాక్ష్యంగా వాడారు. నేను ఇంజనీర్ని కాబట్టి నా అలవాటు కొద్దీ రెండు నెలలు ఫోన్‌లో రాసుకున్నా. తేదీ, ఎవరున్నారు, జోక్ దేని మీద. మొత్తం పదకొండు. అందులో తొమ్మిది బయటివాళ్ల ముందు. ఆ రెండు నెలల్లో వాళ్ల మేనేజర్ మీద మేనేజర్ ముందు వేసినవి సున్నా. వాళ్లమ్మ మీద సున్నా. ఎక్కడ నోరు కట్టేసుకోవాలో అతనికి బాగా తెలుసు అన్నమాట. "నా నేచరే అంత, నోటికొచ్చింది అనేస్తా" అనే మాట ఆ లెక్కతో పోయింది. మీకు అనుమానంగా ఉంటే ఇలా కొన్నాళ్లు రాసి చూడండి. లెక్క తిరగబడి, నేనే అతిగా ఊహించుకున్నానని తేలినా మంచిదే.

శివపార్వతుల మధ్య కూడా ఇలాంటిదే ఒకటి ఉంది, మత్స్యపురాణంలో. తెల్లని నా శరీరం మీద నల్లని నువ్వు చందనం చెట్టుకి చుట్టుకున్న నల్లతాచులా ఉన్నావు అని ఆయన పరిహాసమాడతాడు. ఆమెకి కోపం వస్తుంది. ఆయన, పరిహాసానికి అన్నాను, నీకు అంత కోపమైతే ఇక పరిహాసాలు ఆడనులే అంటాడు. ఆమె చల్లబడకుండా బయల్దేరితే, నువ్వు అచ్చం నీ తండ్రి కూతురివే, ఆ కొండ రాయి గుణాలన్నీ నీకే వచ్చాయి అనే అర్థంలో మాట్లాడతాడు. చదువుతుంటే నాకు మా రైలు పెట్టెలో కూర్చున్నట్టే అనిపించింది. ముందు జోక్, తర్వాత "నీకు కోపమైతే మానేస్తాలే", ఆ తర్వాత నీ స్వభావమే అంత, పుట్టింటి గుణం. పురాణం ఇద్దరి మాటలూ దాచకుండా పెట్టింది, ఆమెకి కూడా పదునైన జవాబులు ఇచ్చింది. అది నాకు నచ్చింది. ముగింపు మాత్రం నాకు మింగుడుపడదు. ఆమె తపస్సు చేసి బంగారు ఛాయ పొంది గౌరి అవుతుంది. భక్తితో చదివినా, మా బంధువుల్లో రంగు మీద మాటలు పడి క్రీములు కొంటున్న అమ్మాయిల్ని చూసినదాన్ని కాబట్టి, మాట పడ్డ మనిషే ఎందుకు మారాలి అనిపిస్తుంది.

నేను ఏం చేశానో చెబుతా. ఇది అందరికీ పనికొస్తుందని కాదు.

జోక్ పడిన చోట గొడవ పెట్టుకోలేదు. ఒక ఆదివారం పొద్దున, ఇద్దరం మామూలుగా ఉన్నప్పుడు చెప్పా. "నువ్వు నా మీద జోకులే వెయ్యొద్దు" అనలేదు. అలా అంటే అదెలా కుదురుతుందని వాదన మొదలవుతుంది. "నేను నీకొక్కడికే చెప్పినవి ఎవరి ముందూ తియ్యొద్దు. ఆఫీస్‌లో ఏడ్చింది, మందులు వాడింది, మా నాయిన అప్పు సంగతి. ఈ మూడూ." అంత స్పష్టంగా చెప్పాక ఎదుటివాళ్లకి అర్థం కాలేదనే సాకు ఉండదు. సరే అన్నాడు.

అలా చెప్పాక జరగగలిగేవి మూడు అని నా అనుభవం. నిజంగా మానెయ్యడం మొదటిది. నలుగురిలో మానేసి ఇంట్లో అవే మాటలు కోపంగా అనడం రెండోది. మూడోదే నాకు జరిగింది. నెల తర్వాత వికారాబాద్‌లో అత్తగారి వాళ్లంతా కలిసి అనంతగిరి కొండకి వెళ్లాం, అనంతపద్మనాభస్వామి దర్శనం చేసుకుని బయట చెట్ల కింద కూర్చుని డబ్బాలు విప్పాం. మా ఆడబిడ్డ నన్ను ఏదో సరదాగా అంది. వెంటనే మా ఆయన, "ఓ అక్కా, పైలం! మేడం మీద జోకులు బ్యాన్ అయినయ్. రూల్స్ పెట్టింది." మళ్లీ అందరూ నవ్వారు. నా మూడు విషయాల్లో ఒక్కటి కూడా తియ్యలేదు, మాట తప్పలేదు. నేను అడిగిన సంగతినే జోక్ చేశాడు. మీకూ ఇలాంటిది జరిగితే దీన్ని మొదటిదానికంటే సీరియస్‌గా తీసుకోమని చెబుతా. మొదటిసారి తెలియక అన్నాడని అనుకోవచ్చు. నొప్పి ఎక్కడుందో మీరే చూపించాక, అక్కడే వేలు పెట్టడం వేరు.

చట్టం గురించి రెండు మాటలు, మనలో చాలామందికి తెలియదు కాబట్టి. గృహహింస నుంచి మహిళలకి రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. హింస అంటే కొట్టడం ఒక్కటే అనలేదు అందులో. మాటల ద్వారా, మానసికంగా చేసేదాన్ని వేరుగా చెప్పారు. అవమానించడం, ఎగతాళి చేయడం, పేర్లు పెట్టి పిలవడం అక్కడ ఉన్నాయి. పిల్లలు లేరని, మగపిల్లాడు లేడని ఎగతాళి చేయడం గురించి ప్రత్యేకంగా రాశారు. పెళ్లి కాకుండా పెళ్లిలాంటి బంధంలో కలిసి ఉన్నవాళ్లకి కూడా వర్తిస్తుంది. అలాగని భోజనాల దగ్గర పడిన ఒక్క జోక్ కేసు అవుతుందని కాదు, మొత్తం పరిస్థితులన్నీ కలిపి చూడాలని ఆ చట్టమే చెబుతుంది. ఎగతాళితో పాటు డబ్బు ఆపెయ్యడం, ఫోన్ లాక్కోవడం, పుట్టింటికి పోనివ్వకపోవడం, భయపెట్టడం లాంటివి ఉంటే మాత్రం నేను చేసినట్టు ఆదివారం కూర్చుని మాట్లాడటం సరిపోదు. 181కి ఫోన్ చెయ్యొచ్చు, రక్షణాధికారి దగ్గరికి గానీ నేరుగా మేజిస్ట్రేట్ దగ్గరికి గానీ వెళ్లొచ్చు. ఆ చట్టం ఆడవాళ్ల కోసం రాసింది. నలుగురిలో భార్య ఎగతాళికి గురయ్యే మగవాళ్లూ ఉన్నారు, వాళ్ల జీతం మీద, పొట్ట మీద పడే జోకులు నేను విన్నా, కొన్నిసార్లు నవ్వా కూడా. మిగతా విషయమంతా వాళ్లకీ ఇంతే.

నవ్విన సంగతి వచ్చింది కాబట్టి మా నాయిన గురించి చెప్పి ఆపుతా. అనంతగిరి నుంచి వచ్చిన వారానికి ఫోన్ చేశాడు. మామూలుగా ఫోన్‌లో రెండు నిమిషాలకంటే ఎక్కువ మాట్లాడడు. ఆ రోజు కందుల రేటు, అమ్మ మోకాలు అయిపోయాక కూడా పెట్టెయ్యలేదు. "బిడ్డా, ఒడిబియ్యం నాడు అల్లుడు గట్లన్నప్పుడు నేను గూడ నవ్విన" అన్నాడు. "నవ్వకుంటే అల్లుడు ఏమనుకుంటడో, నీకే తక్లీఫ్ అయితదేమో అని నవ్విన. నువ్వు ఆఫీస్‌ల ఏడ్సినవా బిడ్డా?"

అప్పటిదాకా నేను ఆ నవ్వుల్ని అతని వైపు ఓట్లుగా లెక్కపెట్టుకుంటూ వచ్చా. అందరికీ నవ్వొచ్చింది, నాకొక్కదానికే రాలేదు అని. ఆ గదిలో ఉన్న ఐదుగురిలో ఎంతమంది అల్లుడి మర్యాద కోసం నవ్వారో ఆ రోజు వరకు నాకు తట్టనే లేదు.

ఉగాదికి మళ్లీ తాండూరు వెళ్లాం. మళ్లీ భోజనాలు, మళ్లీ చిన్నాయన, మేనమామలు. బక్షాల మీద నెయ్యి వేస్తుంటే మా ఆయన నా డ్రైవింగ్ మీద ఏదో అన్నాడు, నిజానికి అది చాలా చిన్నది, నాకు పెద్దగా తగల్లేదు కూడా. మేనమామ నవ్వబోయాడు. మా నాయిన నవ్వలేదు. చెయ్యి ఆపి, చాలా నిదానంగా, కోపం లేకుండా అడిగాడు. "అంటే ఏంది అల్లుడూ? నాకు సమజ్ కాలే."

మా ఆయన మళ్లీ చెప్పడానికి ప్రయత్నించాడు. విడమరచి చెబితే ఏ జోకైనా ఏమవుతుందో మీకు తెలుసు కదా. సగంలో ఆగి, "ఏం లేదు మామా, ఊరికె" అన్నాడు. నాయిన "అట్లనా" అని తిన్నాడు. గది కాసేపు నిశ్శబ్దంగా ఉంది. మా అమ్మ ఇంకో బక్షం వేసింది.

ఇది రాశాక పంపే ముందు మా ఆయనకి చదివి వినిపించా. అతని సంగతులు అతన్ని అడగకుండా నలుగురిలో పెడితే నేను ఇంతసేపు చెప్పినదానికి అర్థం ఉండదు. రెండు వాక్యాలు తీసెయ్యమన్నాడు, తీసేశా. రుక్మిణి దగ్గర మాత్రం, "పాన్పు దిగాడు అని నిజంగా ఉందా, నువ్వు కలిపినవా?" అని అడిగాడు. పుస్తకం తెచ్చి చూపించా. ఇంకా అతని దగ్గరే ఉంది.

ఉగాది రోజు తిరుగు రైల్లో చాలాసేపు మాట్లాడలేదు. ధారూరు దగ్గర అడిగాడు, "మీ నాయినకి నా మీద కోపమొచ్చిందా?"

"లేదు" అన్నా. "ఆయనకి నిజంగానే అర్థం కాలేదట."